తాతయ్య, మామ్మల అరవయ్యో పెళ్ళిరోజు ఫోటో కింద ఏం రాయాలి?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా తాతయ్య, మామ్మలకి 1966లో పెళ్ళయింది. ఈ ఏడాదికి అరవై ఏళ్ళు. కొబ్బరితోటలో తీసిన ఫోటోని ఫేస్‌బుక్‌లోనూ, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ పెడదామని కింద ఇలా రాశాను: ‘ఆదర్శ దంపతులు, అన్యోన్యతకు నిలువెత్తు నిదర్శనమైన మా తాతయ్య, మామ్మలకు షష్ఠిపూర్తి శుభాకాంక్షలు. మీరు నిండు నూరేళ్ళు పిల్లాపాపలతో చల్లగా వర్ధిల్లాలి.’ మా మేనత్త చదివి పడీపడీ నవ్వింది. కాఫీలో పంచదార దగ్గర వాళ్ళిద్దరూ రోజూ దెబ్బలాడుకుంటారు లెండి. తేదీ దగ్గరా పేచీయే. నాన్న ఏప్రిల్ 30 అంటారు, బాబాయి మే 1 అంటాడు. మామ్మని ఏదైనా చెప్పమంటే ‘చెప్పడానికేముందే, ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవు దాటొచ్చాను, ఇక్కడే ఉండిపోయాను’ అంది. తాతయ్యేమో 96 తుపానుకి తోట పోతే మళ్ళీ మొక్కలు వేసిన సంగతే చెబుతారు. మా పెదనాన్న పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన మాట ఎత్తాలో వద్దో తెలియట్లేదు. ఏం రాయమంటారు?
— ఒక మనవరాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ మేనత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ ఎక్కడెక్కడ నవ్విందో అడిగి, అక్కడక్కడ కొట్టేయండి. మీ రెండు వాక్యాల్లో ‘మా తాతయ్య, మామ్మ’ తప్ప పెద్దగా ఏమీ మిగలదనుకుంటాను. అదీ మంచిదే, అక్కడినుంచి మొదలుపెడదాం.

అన్నిటికంటే ముందు తీసెయ్యాల్సింది ఆ చివరి వాక్యం. ‘నిండు నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలి’ అనేది దీవెన. దీవెన పెద్దవాళ్ళ నోటినుంచి చిన్నవాళ్ళకి వస్తుంది. అక్షింతలు వాళ్ళ చేతిలో ఉంటాయి, తల మనం వంచుతాం. మనవరాలు తాతయ్యని దీవిస్తే ఊళ్ళో పెద్దవాళ్ళు పైకి ఏమీ అనరు గానీ, చదవగానే ఎక్కడో తేడా కొడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 1966లో పెళ్ళిచేసుకున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. ఆయనకి నూరేళ్ళు అని హద్దు గీసి ఇవ్వడమేమిటి? దీనికి మన దగ్గర సరైన మాట ఎప్పటినుంచో ఉంది. ‘మీ కాళ్ళకి మొక్కుతున్నాం’ అనండి, లేకపోతే ‘మీ దీవెనలు మాకు కావాలి’ అనండి. ‘శుభాకాంక్షలు’ అన్నా తప్పులేదు, అది ఎవరైనా ఎవరికైనా చెప్పుకునేదే. కానీ కాళ్ళకి మొక్కామన్న మాట చదివితే మీ మామ్మ చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. శుభాకాంక్షలకి అంత బలం లేదు.

తర్వాత ఆ ‘షష్ఠిపూర్తి’. అది పెళ్ళికి సంబంధించింది కాదు, మగాయనకి అరవై ఏళ్ళు నిండినప్పుడు చేసే వేడుక. మీ తాతయ్యగారిది ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందటే అయిపోయుంటుంది. పైగా అరవైని చెప్పే మాటలో ఉండేది ‘ష్టి’, ఒత్తు ‘ఠ’ పెడితే అది తిథి అవుతుంది. సుబ్బారాయుడి షష్ఠికి రాసే మాట అది. అరవయ్యో పెళ్ళిరోజుని వజ్రోత్సవం అనొచ్చు గానీ, ఆ మాట వినగానే నాకు హైస్కూలు గోడ మీద కట్టిన బ్యానరు గుర్తొస్తుంది. ‘పెళ్ళై అరవై ఏళ్ళు’ అంటే చాలు. ఆ అంకె తనంతట తనే బరువైనది, దానికి కిరీటం అక్కర్లేదు.

ఇక ‘ఆదర్శ దంపతులు’ సంగతి. నేను చాలా ఏళ్ళు ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలతో శుభలేఖలు, సన్మాన పత్రాలు కంపోజ్ చేశాను. సన్మాన పత్రాల్లో ఇలాంటి వాక్యాలు కొన్ని ఉండేవి. పని అయ్యాక మిగతా అక్షరాలన్నీ విప్పేసి ఏ గదిలోవి ఆ గదిలో వేసేవాళ్ళం. ఈ వాక్యాలని మాత్రం విప్పేవాళ్ళం కాదు. పురికొస చుట్టి అలాగే పక్కన పెట్టుకునేవాళ్ళం, రేపు వచ్చే వాళ్ళకీ అవే కావాలి కాబట్టి. పేరు మార్చితే ఎవరికైనా సరిపోతాయి. మీ వాక్యాల ఇబ్బందీ అదే. మీ తాతయ్య, మామ్మల ఫోటో తీసేసి పక్క వీధివాళ్ళ ఫోటో పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. చుట్టాలు అలాంటిదాన్ని చదవరు. దండం బొమ్మ ఒకటి పెట్టి కిందికి వెళ్ళిపోతారు.

అందుకని నా పద్ధతి చెబుతాను. ఫోటోలో కనబడేదాన్ని మళ్ళీ రాయక్కర్లేదు. పట్టుచీర, కండువా, నవ్వు అన్నీ అందరికీ కనబడుతూనే ఉంటాయి. కనబడనిది, ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసినది ఒకటో రెండో రాయాలి. అది విన్నాక చదివేవాళ్ళు మళ్ళీ పైకి వెళ్ళి ఫోటోని ఇంకోసారి చూడాలి. అలా చూశారంటే మీ రాత కుదిరినట్టు.

మీ ఉత్తరంలోనే అలాంటివి మూడున్నాయి. కోటిపల్లి రేవు, తుపాను తర్వాత వేసిన తోట, కాఫీలో పంచదార. మామ్మ ‘చెప్పడానికేముందే’ అంటూనే ఒక్క ముక్కలో మొత్తం చెప్పేసింది, మీరే గమనించలేదు. అయితే ఈ మూడింటినీ ఇంకాస్త దగ్గరికి వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. ‘మీ ప్రేమ గురించి చెప్పండి’ అని అడిగితే ఆ వయసు వాళ్ళు సిగ్గుపడో, విసుక్కునో లేచి వెళ్ళిపోతారు. వస్తువుల గురించి, దారుల గురించి అడగండి. రేవు దగ్గర ఎక్కింది నాటు పడవా, పంటా? వైశాఖంలో గౌతమిలో నీళ్ళు తక్కువ, ఇసుక తిప్పలు పైకి తేలి ఉంటాయి. మరి ఆ ఎండలో పెళ్ళికూతుర్ని ఇసుకలో నడిపించారా, ఎవరైనా గొడుగు పట్టారా? సారె బిందెలు ఏ పడవలో వచ్చాయి? ముక్తేశ్వరం ఒడ్డున దిగాక ఎడ్ల బండా, గుర్రబ్బండా? ఇలా అడిగితే ‘గొడుగెక్కడిదే, మా పెద్దన్నయ్య తువ్వాలు కప్పాడు’ లాంటిదేదో బయటికి వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే, ఆవిడ మాటల్లోనే ఫోనులో రికార్డు చేసుకోండి. అంతా వాడక్కర్లేదు. ఒక్క ముక్క దొరికితే చాలు.

ఇద్దరినీ విడివిడిగా ఒకసారి, పక్కపక్కన కూర్చోబెట్టి ఒకసారి అడగడం మంచిది. విడిగా ఉన్నప్పుడు నిజాలు చెబుతారు, కలిసి ఉన్నప్పుడు ఒకరినొకరు సరిదిద్దుకుంటారు. ‘బండి కాదండీ, నడిచే వచ్చాం’ అని మామ్మ, ‘నీకేం గుర్తుంది’ అని తాతయ్య. ఆ దిద్దుబాట్లలో సంగతులు బాగా దొరుకుతాయి.

తోట విషయం ఫోటోతో సూటిగా కలుస్తుంది కాబట్టి దాని మీద కాసేపు ఉందాం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన ఆ తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. వరి పోతే మళ్ళీ దాళ్వాకో, వచ్చే సార్వాకో చూసుకోవచ్చు. కొబ్బరి అలా కాదు, మన దేశవాళీ మొక్క పెట్టాక కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ రోజుకి మీ తాతయ్యగారికి యాభై దాటి ఉంటాయి. ఆ వయసులో, మరో ఆరేడేళ్ళకి గానీ కాయ చూపించని మొక్కల్ని ఇద్దరూ కలిసి నాటారన్నమాట. అన్యోన్యత అన్న మాట వాడకుండానే అన్యోన్యత గురించి చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మీ ఫోటోలో వెనకాల ఉన్న చెట్లు అవే అయితే, ఆ ఒక్క సంగతి చాలు చదివేవాళ్ళని మళ్ళీ ఫోటోలోకి పంపడానికి.

కానీ ‘అయితే’ అన్నాను, అది మర్చిపోకండి. తుపానుని తట్టుకుని నిలబడ్డ పాత చెట్లు ప్రతి తోటలోనూ కొన్ని ఉంటాయి. ఫోటోని పట్టుకెళ్ళి తాతయ్యకి చూపించి, ఇందులో ఏవి అప్పటివి, ఏవి తర్వాత వేసినవి అని అడగండి. ఆయన వేలు పెట్టి చూపిస్తారు. కొబ్బరి రైతుకి తన చెట్లు మనుషుల్లా గుర్తుంటాయి. వెనకవన్నీ పాతవే అని తేలితే, కొత్తవి కనబడేలా ఇంకో ఫోటో తీసుకోండి. లేదా ఆ ముక్క వదిలెయ్యండి. చుట్టాల గ్రూపులో ‘ఆ చెట్టు నేను పుట్టకముందుది’ అని ఒకరు రాశారంటే, మిగతా రాతంతా వెలవెలబోతుంది.

తేదీ పేచీకి వస్తే, నా అనుమానం ఏమిటంటే మీ నాన్నా, బాబాయీ ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. ఇంట్లో ఎక్కడైనా పాత ట్రంకు పెట్టెలో పెళ్ళి శుభలేఖ ఉందేమో వెతికించండి. అందులో ఇలా ఉండొచ్చు: ‘స్వస్తిశ్రీ చాంద్రమాన పరాభవ నామ సంవత్సర వైశాఖ మాసం, తేది 30-4-1966 శనివారం రాత్రి (తెల్లవారితే ఆదివారం)’. ఆ తర్వాత రెండింటికో, మూడింటికో ముహూర్తం. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. కాబట్టి అర్ధరాత్రి దాటాక కట్టిన తాళి కూడా శనివారం రాత్రి లెక్కే, 30వ తేదీయే. గడియారం లెక్కలో అది మే 1. నేను కంపోజ్ చేసిన శుభలేఖల్లో ‘తెల్లవారితే’ అన్న మాట లేనివి తక్కువ. అది పడకపోతే సగం మంది చుట్టాలు ఒకరోజు ఆలస్యంగా దిగేవాళ్ళు మరి.

శుభలేఖ దొరకకపోతే మామ్మని అడగండి. అడిగేటప్పుడు తేదీ కాకుండా ‘తాళి కట్టేసరికి తెల్లారిందా?’ అని అడగండి. దాంతో తేలిపోతుంది. ఏ రోజు పోస్టు చెయ్యాలంటారా, ఇంట్లో ఏ రోజు పాయసం వండుతారో ఆ రోజు. తిథి ప్రకారం చేసుకునే ఇల్లయితే అది ఇంకో రోజున పడుతుంది, అదీ సరైనదే. రాతలో మాత్రం తేదీ వెయ్యకుండా ‘1966 వైశాఖంలో’ అంటే ముగ్గురి మాటా నిలబడుతుంది.

సంవత్సరం పేరు గురించి ఒక చిన్న సరదా సంగతి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ఒక చుట్టు తిరిగి అదే పేరు మళ్ళీ వచ్చేసరికి అరవై ఏళ్ళు. వాళ్ళ పెళ్ళి పరాభవలో అయింది, మొన్న ఉగాదికి మళ్ళీ పరాభవ వచ్చింది. అరవయ్యో పెళ్ళిరోజు జరుపుకునే దంపతులకి తప్ప ఇలా తమ పెళ్ళి సంవత్సరం తిరిగి రావడం కుదరదు. పంచాంగం చూసే పెద్దవాళ్ళకి ఇది చెప్పీ చెప్పగానే ముఖాలు వెలుగుతాయి. కాకపోతే ఆ పేరుకి అర్థం తెలిసిన కుర్రాళ్ళు కింద వేళాకోళాలు మొదలుపెడతారు. అందుకని దీన్ని ఫోటో కింద కాకుండా, ఆ రోజు భోజనాల దగ్గర మీ నోటితో చెప్పమంటాను. తాతయ్య దానికి జోకు వేస్తే అది ఆయన హక్కు.

పెదనాన్నగారి సంగతి కొంచెం నిదానంగా ఆలోచించాల్సింది. పెళ్ళిరోజు పోస్టులో పోయినవాళ్ళ మాట ఎత్తితే అశుభం అనేవాళ్ళు ఒకరైనా ఉంటారు. అసలెత్తకపోతే ఆయన భార్యా, పిల్లలూ ఆ పోస్టు చదువుతూ తమ ఇంటిని వెతుక్కుంటారు. ఇక్కడ తప్పు ఎక్కువగా అంకెల్లో జరుగుతుంది. ‘ఇద్దరు కొడుకులు, ఒక కూతురు’ అని ఇప్పుడున్నవాళ్ళని లెక్కేసి రాసేస్తారు. అది తల్లి చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆవిడ కన్నది నలుగుర్ని. మామ్మ ఒంటరిగా ఉన్నప్పుడు, వంటింట్లోనో అరుగు మీదో, ‘పిల్లలెంతమంది అని రాయను మామ్మా?’ అని మాత్రం అడగండి. ఆవిడ నలుగురంటే నలుగురని రాసి అక్కడితో ఆగిపోండి. ‘అందులో ఒకరు మన మధ్య లేరు’ అని చేర్చొద్దు. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి ఆ రోజు చెప్పే పని లేదు. ఆవిడ మాట మార్చేస్తే అంకె వెయ్యకుండా ‘మీ పిల్లలు, మనవలు’ అని సరిపెట్టండి.

దీనికి సంబంధించినదే ఇంకోటి. ‘ఏ లోటూ లేకుండా’, ‘చీకూ చింతా లేని జీవితం’ అన్న మాటలు ఈ ఇంటికి రాయకూడదు. పెద్దకొడుకుని పంపించుకున్నవాళ్ళకి అవి పొగడ్తగా వినబడవు.

పేర్ల జాబితా వెయ్యొద్దని కూడా చెప్పాలి. కొడుకులు, కోడళ్ళు, అల్లుడు, మనవలు, మునిమనవలు అని వరసగా పేర్లు రాసుకుంటూ పోతే ఎవరో ఒకరు జారిపోతారు, లేదా చిన్నకోడలి పేరు పెద్దకోడలి కంటే ముందు పడుతుంది. దాని గురించి సంక్రాంతి దాకా వినాలి. అందర్నీ కలిపి ఒక్క మాటలో సంతకం చెయ్యండి.

ఇంకో విషయం, మర్యాద వాచకాలు. మన వైపు ఇళ్ళల్లో తాతయ్య ‘అన్నారు’, మామ్మ ‘అంది’. మీ ఉత్తరంలోనూ అలాగే రాశారు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అది చనువు, ఎవరూ తప్పు పట్టరు. నలుగురూ చూసేచోట, ఒకే వాక్యంలో ఆయనకి బహువచనం, ఆవిడకి ఏకవచనం పడితే బాగుండదు. ఇద్దరికీ ‘వచ్చారు, వేశారు’ అనే వాడండి. తాతయ్యని ‘తాత’ అని ఏకవచనంలో పిలిచే ఇల్లయితే ఇద్దరికీ ఏకవచనమే వాడినా అందంగానే ఉంటుంది. సమానంగా ఉంటే చాలు.

ఇప్పుడు రాద్దాం. మొదటిసారి అన్నీ గుచ్చి రాస్తే ఇలా వస్తుంది:

‘1966 వైశాఖంలో ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవు దాటి మామ్మ మా ఊరు వచ్చారు. అప్పటినుంచి వరదలు, తుపానులు, కష్టాలు, సుఖాలు ఎన్నో చూశారు. 1996 తుపానులో తోట మొత్తం పోయినా కుంగిపోకుండా ఇద్దరూ కలిసి మళ్ళీ మొక్కలు వేసి, నలుగురు పిల్లల్ని ప్రయోజకుల్ని చేసి, మా అందరికీ స్ఫూర్తిగా నిలిచారు. ఈ రోజు వాళ్ళ అరవయ్యో పెళ్ళిరోజు.’

ఇందులో అబద్ధం లేదు, అయినా బాగాలేదు. అసలు సంగతి, అంటే అరవయ్యో పెళ్ళిరోజన్నది, చివర్లో పడింది. ఫోనులో మొదటి రెండుమూడు వరసలే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఎవరు, ఏమిటి అన్నది మొదటి వరసలోనే ఉండాలి. రెండో వాక్యం, ‘కష్టాలు సుఖాలు’ అన్నది, పురికొస చుట్టిన వాక్యాల్లో ఒకటి. ‘కుంగిపోకుండా’, ‘స్ఫూర్తిగా’ అన్నవి మనం చదివేవాళ్ళ తరఫున తీర్పు చెప్పడం. మొక్కలు వేశారని చెప్పాక ఆ తీర్పు వాళ్ళే ఇచ్చుకుంటారు. ‘ప్రయోజకుల్ని చేసి’ అన్నది మీ నాన్న తరం వాళ్ళని పొగడటం, ఆ రోజు వాళ్ళది కాదు. అవన్నీ తీసేసి, పంచదార కలిపితే:

‘మా తాతయ్యకీ మామ్మకీ పెళ్ళై ఈ రోజుకి 60 ఏళ్ళు.
1966 వైశాఖంలో మామ్మ కోటిపల్లి రేవు దాటి ఈ ఇంటికి వచ్చారు. ఫోటోలో వెనక ఉన్న కొబ్బరిచెట్లు 96 తుపానుకి తోట పడిపోయాక ఇద్దరూ కలిసి నాటినవి. తాతయ్య కాఫీలో పంచదార ఎంత వెయ్యాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.
మీ కాళ్ళకి మొక్కుతున్నాం. — మీ నలుగురు పిల్లలు, మనవలు, మునిమనవలు’

మునిమనవలు ఇంకా లేకపోతే ఆ మాట తీసెయ్యండి. పెదనాన్నగారు ‘నలుగురు’లో ఉన్నారు, ఆయన ఇల్లు సంతకంలో ఉంది. రేవు గురించి మామ్మ ఇంకేదైనా కొత్తది చెబితే, ఆ తువ్వాలు లాంటిది, రెండో వాక్యంలో పెట్టండి. కానీ దానికోసం ఇంకోదాన్ని తగ్గించాల్సి వస్తుంది. ఇంతకంటే పొడుగైతే చదవరు.

పంచదార వాక్యం పెట్టడానికి ముందు తాతయ్య ఒప్పుకోవాలి. దెబ్బలాటని రాసేటప్పుడు, అందులో ఎవరి మీద నవ్వు పడుతుందో వాళ్ళనే అడగాలి. ఇక్కడ నవ్వు పడేది ఆయన మీద. ఆయనకి షుగరు ఉండి, అది బయటివాళ్ళకి తెలియడం ఇష్టం లేకపోతే, ‘ఎందుకు తగ్గిస్తున్నారు, షుగరా?’ అని కింద కామెంట్లలో పరామర్శలు మొదలవుతాయి. ఒప్పుకోకపోతే ఇంకో చిన్న తగువు వెతకండి. అరవై ఏళ్ళ కాపురంలో తగువులకి కరువుండదు. ఫ్యాను వేగం కావచ్చు, ఆవకాయలో వెల్లుల్లి కావచ్చు, సీరియలా వార్తలా అన్నది కావచ్చు. చిన్నదై ఉండాలి, ఇప్పటికీ నడుస్తూ ఉండాలి, విన్నవాళ్ళకి ఇద్దరి మీదా ముద్దు రావాలి. డబ్బు గురించి, ఆస్తి గురించి, పుట్టింటివాళ్ళ గురించి అయినవి సరదాకైనా ముట్టుకోవద్దు.

పోస్టు చేసే ముందు తెలుగు లిపిలో, అక్షరాలు పెద్దవి చేసి, ఫోను మామ్మ చేతికివ్వండి. మీరు చదివి వినిపించొద్దు, ఆవిడనే చదవనివ్వండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారంటే ఆ పెళ్ళిరోజు ఎవరిదో వాళ్ళే చదవలేరు. ఆవిడ కూడబలుక్కుంటూ ఎక్కడైనా ఆగితే ఆ మాట మార్చండి. ‘ఈ ఫోటోలో నా జుట్టేంటే ఇలా ఉంది’ అంటే ఫోటో మార్చండి, వాదించకండి. ‘దిష్టి తగులుతుంది’ అంటే సాయంత్రం హారతిచ్చి, దిష్టి తీశాక పెట్టండి, మీకు పోయేదేమీ లేదు. ఆ రోజు అందరూ కలిసి అన్నవరమో, అంతర్వేదో వెళ్తున్నట్టయితే, తిరిగొచ్చేదాకా పెట్టకపోవడం మంచిది. ఇంటికి తాళం వేసి ఉందని ఊరంతటికీ చెప్పడం ఎందుకు?

మీ ఆఫీసువాళ్ళకి తెలుగు రాకపోతే, ‘పెళ్ళై అరవై ఏళ్ళు, వెనకవి వాళ్ళు నాటిన చెట్లు’ అని ఇంగ్లీషులో ఒక్క వరస మొదటి కామెంటుగా పెట్టండి, ఫోటో కింద తెలుగుతో కలపొద్దు. రేవు సంగతీ, పంచదార సంగతీ వాళ్ళకి అనువదించే శ్రమ పెట్టుకోకండి. అడిగితే క్యాంటీనులో చెప్పొచ్చు.